లైవ్ కనెక్షనా, ఎక్స్‌ట్రాక్టా? పెద్ద డేటాబేస్ మీద డ్యాష్‌బోర్డు కట్టేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలన్నిటికీ ఒకే ఉదాహరణ పట్టుకుని జవాబు చెబుతాను, లేకపోతే మాటలు గాల్లో తేలిపోతాయి. `order_items` అని ఒక టేబుల్ ఉంది, పోస్ట్‌గ్రెస్‌లో. మూడేళ్ల అమ్మకాలు, 40 కోట్ల రికార్డులు, 200 షాపులు, 30 రకాల సరుకు. రోజూ పొద్దున 9 గంటలకి ఓ ముప్పై మంది మేనేజర్లు దీని మీద కట్టిన డ్యాష్‌బోర్డు తెరుస్తారు. నిన్న ఎంత అమ్మింది, ఏ షాపు వెనకబడింది, పోయిన నెలతో పోలిస్తే ఎలా ఉంది, ఇదే వాళ్లు చూసేది.

అసలు రెండింటికీ తేడా ఏంటి?

లైవ్‌లో మీరు చార్ట్ తెరిచినప్పుడల్లా, ఫిల్టర్ మార్చినప్పుడల్లా డేటాబేస్‌కి ఒక ఎస్‌క్యూఎల్ క్వెరీ వెళ్తుంది, జవాబు అక్కడి నుంచి వస్తుంది. ఎక్స్‌ట్రాక్ట్‌లో డేటాని ముందే ఒకసారి లాగి టూల్ తన సొంత ఫైల్లో దాచుకుంటుంది, ఆ తర్వాత చార్టులన్నీ ఆ కాపీని అడుగుతాయి తప్ప డేటాబేస్ జోలికి వెళ్లవు. టాబ్లోలో ఈ కాపీ `.hyper` ఫైలు. పవర్ బీఐలో ఇదే పనిని `Import` అంటారు, లైవ్‌కి అక్కడి పేరు `DirectQuery`. పవర్ బీఐలో "లైవ్ కనెక్షన్" అనే మాట విడిగా ఇంకోదానికి వాడతారు (ఎవరో ముందే తయారుచేసి పెట్టిన మోడల్‌కి తగిలించుకోవడం), అందుకని రెండు టూల్సూ వాడే టీముల్లో ఈ మాట దగ్గర అరగంట వాదన జరిగి చివర్లో ఇద్దరూ ఒకటే అంటున్నారని తేలడం నేను చూశాను.

లైవ్ అంటే ఈ క్షణం లెక్కే కదా?

కాదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

మొదటిది, మధ్యలో క్యాష్ ఉంటుంది. టాబ్లో క్లౌడ్‌లో లైవ్ కనెక్షన్ పెట్టినా డిఫాల్ట్‌గా పాత జవాబుని 12 గంటల దాకా వాడుకోవచ్చని సెట్టింగ్ ఉంటుంది. వర్క్‌బుక్ వివరాల్లోకి వెళ్లి `Data Freshness Policy` మార్చితే తప్ప అదే నడుస్తుంది. పవర్ బీఐలో కూడా రిపోర్ట్ తెరిస్తే కొత్త క్వెరీ వెళ్తుంది కానీ, డ్యాష్‌బోర్డు మీద పిన్ చేసిన టైల్స్ మాత్రం తమ షెడ్యూల్ ప్రకారమే మారతాయి, మామూలుగా గంటకోసారి.

రెండోది ఇంకా మామూలు విషయం. చాలాచోట్ల టూల్‌ని తగిలించేది అసలు బిల్లింగ్ డేటాబేస్‌కి కాదు, వేర్‌హౌస్‌కి. ఆ వేర్‌హౌస్‌లోకి డేటా వచ్చేది రాత్రి 2 గంటలకి ఒక జాబ్ ద్వారా. అలాంటప్పుడు రోజంతా లైవ్‌లో ఎన్నిసార్లు అడిగినా అదే రాత్రి 2 గంటల నాటి జవాబే వస్తుంది. ప్రతిసారీ డేటాబేస్‌ని కష్టపెట్టి మరీ పాత లెక్కే తెచ్చుకుంటున్నాం అన్నమాట. డేటా రోజుకోసారి మారేచోట లైవ్ పెట్టడానికి నాకైతే ఒక్క కారణమూ కనిపించదు.

మరి నిర్ణయం ఎక్కడ మొదలుపెట్టాలి?

"మీకు డేటా ఎంత ఫ్రెష్‌గా కావాలి?" అని మాత్రం అడక్కండి. ఎవర్ని అడిగినా "రియల్ టైమ్" అనే అంటారు, ఊరికే వస్తుంటే ఎవరు వద్దంటారు! దానికి బదులు ఇలా అడగండి: "ఈ నంబరు మూడు గంటల పాతదైతే మీరు చేసే పనిలో ఏం తప్పు జరుగుతుంది?" మా ఉదాహరణలో మేనేజర్లని అలా అడిగితే వచ్చిన జవాబు: నిన్నటి లెక్క పొద్దున 9కి ఉంటే చాలు. ఒక్క స్టాక్ టీము మాత్రం, పండగ సేల్ రోజుల్లో ఏ సరుకు అయిపోతోందో పావుగంటకోసారి చూసి గోడౌన్‌కి ఫోన్ చేస్తామన్నారు. ఫోన్ చేసే మనిషి ఉన్నాడు కాబట్టి ఆ ఒక్క స్క్రీన్‌కి లైవ్ అర్హత ఉంది. మిగతావాటికి లేదు.

40 కోట్ల రికార్డుల మీద లైవ్ పెడితే నిజంగా అంత ఘోరమా? ఒక క్వెరీ నాలుగు సెకన్లలోనే వచ్చేస్తోంది.

ఒక్క క్వెరీ, మీరొక్కరే ఉన్నప్పుడు, నాలుగు సెకన్లు. లెక్క ఇలా వేసుకోండి. స్క్రీన్ మీద 10 చార్టులున్నాయి, ప్రతి చార్ట్ దాదాపు ఒక విడి క్వెరీ. పైన 4 ఫిల్టర్లున్నాయి, వాటి డ్రాప్‌డౌన్‌లో షాపుల పేర్లు, సరుకు పేర్లు చూపించడానికి ఇంకో 4. అంటే పేజీ ఒకసారి తెరిస్తే 14 క్వెరీలు. ముప్పై మంది 9 గంటలకి తెరిస్తే 420. ఒక నెల డేటా అడిగే ప్రతి క్వెరీ కోటికి పైగా రికార్డులు తిరగేస్తుంది. అంతలో ఎవరో షాపు ఫిల్టర్ మారుస్తారు, మళ్లీ 10. రాలేదని విసుగొచ్చి బ్రౌజర్ రీఫ్రెష్ కొడతారు, మళ్లీ 14, అదీ పాత క్వెరీలు వెనకాల ఇంకా నడుస్తుండగానే.

మా దగ్గర జరిగింది ఇదే. టెస్టింగ్‌లో నాలుగు సెకన్లు అన్న చార్ట్ సోమవారం పొద్దున యాభై సెకన్లు తీసుకుంది. డ్యాష్‌బోర్డు నెమ్మదిస్తే సర్దుకునేవాళ్లేమో, కానీ అదే డేటాబేస్ మీద నడిచే బిల్లింగ్ కూడా నెమ్మదించింది. ఆ రోజు నాకొచ్చిన ఫోన్లు తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

ఇంకో హద్దు కూడా ఉంది. పవర్ బీఐ `DirectQuery`లో ఒక క్వెరీ డేటాబేస్ నుంచి వెనక్కి తెచ్చే రికార్డులు మామూలుగా 10 లక్షలు దాటకూడదు. చార్ట్ మీద కనిపించేది పది గీతలే అయినా, లెక్క డేటాబేస్‌లో కాకుండా టూల్‌లో జరిగేలా మెజర్ రాస్తే మధ్యలో కోట్ల రికార్డులు లాగాల్సి వస్తుంది, అప్పుడు చార్ట్ బదులు ఎర్రర్ కనిపిస్తుంది. దాన్ని చూసి డేటాబేస్‌ని తిట్టకండి, మెజర్‌ని చూడండి.

ఇండెక్స్ వేస్తే లైవ్ వేగంగా రాదా?

కొన్నిటికి వస్తుంది. ఒక ఆర్డరు నంబరు కొట్టి దాని వివరాలు చూడటం లాంటిదైతే ఇండెక్స్ ఉంటే కళ్లు మూసి తెరిచేలోగా వస్తుంది. "అన్ని షాపులు, ఆరు నెలలు, రకం వారీగా మొత్తం" అన్నదానికి మాత్రం ఇండెక్స్ పెద్దగా ఏం చేయలేదు, ఎందుకంటే కూడాల్సిన రికార్డులన్నీ ఎలాగూ చదవాల్సిందే.

తారీఖు మీద ఇండెక్సో పార్టిషనో ఉన్నా పనిచేయకపోవడం ఇంకో సంగతి. టూల్‌లో మీరు తారీఖుకి ఒక క్యాలిక్యులేటెడ్ ఫీల్డ్ రాసి దాని మీద ఫిల్టర్ పెడితే అది కాలమ్‌ని ఫంక్షన్‌లో చుట్టి పంపుతుంది, డేటాబేస్‌కి ఇండెక్స్ వాడే దారి మూసుకుపోతుంది.

```sql
-- ఇలా వెళ్తే మొత్తం టేబుల్ చదువుతుంది
WHERE DATE(created_at) = '2025-03-10'

-- ఇలా వెళ్తే ఆ రోజు వరకే చదువుతుంది
WHERE created_at >= '2025-03-10'
  AND created_at <  '2025-03-11'
```

టూల్ ఏం పంపుతోందో ఊహించక్కర్లేదు. టాబ్లోలో `Performance Recording`, పవర్ బీఐలో `Performance Analyzer` ఆన్ చేసి ఆ క్వెరీని కాపీ చేసుకుని, డేటాబేస్‌లో ముందు `EXPLAIN ANALYZE` తగిలించి నడపండి. `Seq Scan` కనిపించి, పక్కన కోట్లలో రికార్డులు కనిపిస్తే సంగతి తేలిపోయినట్టే.

అయితే 40 కోట్ల రికార్డులూ ఎక్స్‌ట్రాక్ట్‌లో పెట్టేయాలా?

పెట్టకండి! ఎక్స్‌ట్రాక్ట్ అనగానే `SELECT *` అని మొత్తం లాగడం మొదలుపెడతారు. అది ఐదారు గంటలు నడిచి సగంలో చచ్చిపోతుంది, అప్పుడు "ఎక్స్‌ట్రాక్ట్ మనకి పనికిరాదు, లైవే దిక్కు" అంటారు. స్క్రీన్ మీద మనిషి చూసే అతి చిన్న ముక్క ఏదో చూసుకుని, అంతకంటే సన్నగా డేటా తేవద్దు. మా మేనేజర్లు చూసేది రోజు, షాపు, రకం. బిల్లు నంబరు ఎవరూ చూడరు, గంట కూడా చూడరు. మూడేళ్లంటే 1095 రోజులు, 200 షాపులు, 30 రకాలు, గుణిస్తే గరిష్ఠంగా 65 లక్షల 70 వేల రికార్డులు. 40 కోట్లెక్కడ, ఇదెక్కడ!

```sql
SELECT created_at::date AS sale_date, store_id, category_id,
       SUM(amount) AS sales, COUNT(*) AS line_count
FROM order_items
WHERE status = 'sold'
GROUP BY 1, 2, 3;
```

దీన్ని డేటాబేస్‌లోనే ఒక సమ్మరీ టేబుల్‌గా రాత్రి పూట కట్టి పెట్టి, ఎక్స్‌ట్రాక్ట్‌ని దాని మీద నుంచి తీశాం. కొన్ని నిమిషాల్లో అయిపోయింది. డ్యాష్‌బోర్డు క్లిక్ చేస్తే వెంటనే తెరుచుకుంటోంది.

విడి రికార్డులే తేవాల్సి వస్తే, రికార్డుల లెక్కతో పాటు కాలమ్స్‌ని కూడా చూసుకోండి. ఈ ఫైళ్లు కాలమ్ వారీగా కుదించి దాస్తాయి, ఒకే విలువ పదే పదే వచ్చే కాలమ్ (షాపు, రకం) చాలా తక్కువ చోటు తీసుకుంటుంది. ప్రతి రికార్డులో వేరే విలువ ఉండే కాలమ్ కుదరదు. సెకన్లతో సహా ఉన్న టైమ్‌స్టాంపు, లావాదేవీ ఐడీ, రిమార్కుల కాలమ్, ఈ మూడూ తీసేస్తే ఫైలు సైజు చూసి మీరే ఆశ్చర్యపోతారు. టైమ్ నిజంగా కావాలంటే తారీఖు ఒక కాలమ్‌లో, సమయం ఇంకో కాలమ్‌లో విడగొట్టండి. పవర్ బీఐ ప్రో లైసెన్సులో ఒక మోడల్ 1 జీబీ దాటకూడదు కాబట్టి అక్కడ ఈ పని తప్పదు.

సమ్మరీ చేస్తే లెక్కలు తప్పవా?

కూడికలు తప్పవు. ఎంతమంది వేర్వేరు కస్టమర్లు వచ్చారన్న లెక్క మాత్రం తప్పుతుంది. సోమవారం 500 మంది, మంగళవారం 400 మంది వచ్చారనుకోండి, రెండు రోజుల్లో వచ్చినవాళ్లు 900 మంది కాదు, రెండు రోజులూ వచ్చినవాళ్లు అందులో రెండుసార్లు పడ్డారు. రోజువారీ లెక్క నుంచి నెల లెక్కని ఎలాగూ వెనక్కి రాబట్టలేం. అలాంటి మెజర్ ఉంటే నెలకి, వారానికి విడిగా లెక్కగట్టి ఇంకో చిన్న టేబుల్‌లో పెట్టుకోవాలి, లేదా ఆ ఒక్క చార్ట్‌ని మాత్రం లైవ్‌గా వదిలేయాలి.

సగటుదీ ఇదే గొడవ. సగటుని దాచకండి. మొత్తం, సంఖ్య రెండూ దాచుకుని భాగించే పని చార్ట్‌లో చేయండి.

రోజూ మొత్తం లాగకుండా కొత్తవి మాత్రమే తెచ్చే ఇంక్రిమెంటల్ రీఫ్రెష్ పెడితే?

ఇది వినడానికి చాలా బాగుంటుంది. నెలల తరబడి తప్పు లెక్క చూపించి, ఎవరికీ తెలియకుండా ఉండిపోయేది కూడా ఇదే. ఎలా తప్పుతుందో మూడు రకాలుగా చూశాను.

మొదటిది, రికార్డు వచ్చాక మారడం. టాబ్లోలో ఇంక్రిమెంటల్ అంటే మామూలుగా మీరు ఒక కాలమ్ చూపిస్తారు, ఎక్స్‌ట్రాక్ట్‌లో ఉన్న పెద్ద విలువ కంటే ఎక్కువ ఉన్నవాటిని తెచ్చి కింద అతికిస్తుంది. మేం `created_at` పెట్టాం. 10వ తారీఖున అమ్మిన వస్తువు 10వ తారీఖునే `sold` అని ఎక్స్‌ట్రాక్ట్‌లోకి వచ్చేసింది. 18న కస్టమర్ దాన్ని వాపసు ఇచ్చాడు, డేటాబేస్‌లో అదే రికార్డు `returned` అయింది. దాని `created_at` మాత్రం ఇంకా 10వ తారీఖే కదా, రీఫ్రెష్ దాని వంక కూడా చూడదు. ఎక్స్‌ట్రాక్ట్‌లో అది ఎప్పటికీ అమ్ముడైన సరుకే. వాపసులు 15 రోజుల దాకా ఒప్పుకునే వ్యాపారంలో పాత నెలలన్నీ అసలు కంటే బాగా అమ్మినట్టు కనిపించాయి. డేటాబేస్‌లోంచి పూర్తిగా డిలీట్ చేసిన రికార్డులదీ ఇదే కథ.

రెండోది, సగం రోజు. రోజువారీ సమ్మరీ మీద `sale_date` చూపించి ఇంక్రిమెంటల్ పెట్టారనుకోండి. మధ్యాహ్నం 2కి ఎవరో చేత్తో రీఫ్రెష్ కొట్టారు, ఈరోజు తారీఖుతో సగం రోజు అమ్మకం ఎక్కింది. పెద్ద విలువ ఉన్నవాటినే తెచ్చే పద్ధతిలో ఉంటే రాత్రి రీఫ్రెష్ "ఈరోజు కంటే పెద్ద తారీఖు ఏమైనా ఉందా" అని అడుగుతుంది. లేదు. ఆ రోజు మధ్యాహ్నం తర్వాతి అమ్మకం ఇక రాదు.

మూడోది మహా గమ్మత్తు. తారీఖుతో గొడవ ఎందుకని వరసగా పెరిగే ఐడీ పెట్టినా తప్పించుకోలేరు. ఐడీ ఇచ్చే క్షణం వేరు, కమిట్ అయ్యే క్షణం వేరు. 1003 నంబరు తీసుకున్న ట్రాన్సాక్షన్ ఇంకా నడుస్తుండగానే 1005 కమిట్ అయిపోయింది, సరిగ్గా అప్పుడే మీ రీఫ్రెష్ వచ్చి 1005 దాకా తీసుకెళ్లింది. తర్వాత 1003 కమిట్ అయినా రేపటి రీఫ్రెష్ 1005 పైనుంచే మొదలవుతుంది. ఒక్క రికార్డు, అదీ రద్దీ సమయంలో మాత్రమే, అందుకే ఎవరికీ దొరకదు.

మన ఎక్స్‌ట్రాక్ట్ ఇలా తప్పిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

గత 30 రోజులకి రోజు వారీగా సంఖ్య, మొత్తం డేటాబేస్‌లో తీసి, ఎక్స్‌ట్రాక్ట్ చూపించేదానితో పక్కపక్కన పెట్టండి.

```sql
SELECT created_at::date AS sale_date, COUNT(*), SUM(amount)
FROM order_items
WHERE status = 'sold' AND created_at >= CURRENT_DATE - 30
GROUP BY 1 ORDER BY 1;
```

తేడా ఎక్కడ వచ్చిందో దాన్నిబట్టి కారణం తెలిసిపోతుంది. వెనక్కి వెళ్లేకొద్దీ ఎక్స్‌ట్రాక్ట్‌లో కొంచెం కొంచెం ఎక్కువ ఉంటే అది వాపసుల గొడవ. ఒకటి రెండు రోజులు మాత్రం సగానికి సగం తక్కువుంటే సగం రోజు గొడవ. రద్దీ రోజుల్లో ఒకటీ అరా తక్కువుంటే ఐడీల గొడవ.

మరి మందు?

నా మాట అడిగితే, ఇంక్రిమెంటల్ కావాలనిపించిన ప్రతిసారీ ముందు రికార్డుల సంఖ్య తగ్గించే దారి వెతకండి. 65 లక్షల సమ్మరీని రోజూ మొత్తంగా లాగినా నిమిషాల పనే, ఇక ఇంక్రిమెంటల్ దేనికి? వెనకాల సమ్మరీ టేబుల్‌ని మాత్రం డేటాబేస్‌లో తెలివిగా కట్టాలి: ప్రతి రాత్రి గత 20 రోజుల సమ్మరీని తీసేసి కొత్తగా లెక్కగట్టి పెట్టండి. వాపసు గడువు 15 రోజులు, ఇంకో 5 రోజులు ఆలస్యంగా ఎంట్రీ చేసేవాళ్ల కోసం. ఆలస్యం అంతకంటే ఎక్కువ ఉండొచ్చన్న అనుమానం ఉంటే నెలకోసారి మొత్తం మళ్లీ కట్టండి.

పవర్ బీఐ ఇంక్రిమెంటల్ ఈ విషయంలో కొంచెం నయం, ఎందుకంటే అది అతికించదు, "గత 20 రోజులు" అని చెబితే ఆ పార్టిషన్లని తీసేసి మళ్లీ నింపుతుంది. దాని కోసం `RangeStart`, `RangeEnd` అనే రెండు పారామీటర్లతో ఫిల్టర్ రాయాలి, ఒకవైపు `>=` పెడితే రెండోవైపు `<` మాత్రమే పెట్టాలి. రెండు వైపులా సమానం గుర్తు పెడితే సరిహద్దు మీద పడిన రికార్డులు రెండు పార్టిషన్లలోనూ చేరి రెండింతలు కనిపిస్తాయి. ఆ ఫిల్టర్ డేటాబేస్ దాకా క్వెరీగా వెళ్తోందో లేదో కూడా చూసుకోవాలి. వెళ్లకపోతే టూల్ ప్రతి పార్టిషన్‌కీ మొత్తం టేబుల్ లాగి ఆ తర్వాత వడకడుతుంది, పాత పద్ధతే నయమనిపిస్తుంది.

మెయిన్ డేటాబేస్‌ మీద భారం పడకుండా రెప్లికా నుంచి ఎక్స్‌ట్రాక్ట్ తీస్తున్నాం, మధ్యలో ఆగిపోతోంది. ఎందుకు?

పోస్ట్‌గ్రెస్ అయితే ఎర్రర్ ఇలా ఉందేమో చూడండి:

```
ERROR: canceling statement due to conflict with recovery
```

మెయిన్‌లో పాత రికార్డులని శుభ్రం చేసే పని జరిగి, ఆ మార్పు రెప్లికాకి వస్తుంది. మీ పొడుగు క్వెరీకి ఇంకా ఆ పాత రికార్డులే కావాలి. రెప్లికా కొంతసేపు ఆగి, ఆ తర్వాత మీ క్వెరీనే చంపేస్తుంది. ఎంతసేపు ఆగాలన్నది `max_standby_streaming_delay`, డిఫాల్ట్ 30 సెకన్లు. దాన్ని పెంచితే ఆ సేపు రెప్లికా వెనకబడుతుంది, `hot_standby_feedback` ఆన్ చేస్తే మెయిన్‌లో చెత్త పేరుకుంటుంది, రెండింటికీ ఖరీదుంది. డీబీఏ ఒప్పుకుంటే మొదటిదే నయం, అదీ ఎక్స్‌ట్రాక్ట్ కోసమే విడిగా ఒక రెప్లికా ఉంటే. లేకపోతే క్వెరీని నెల నెలకీ ముక్కలు చేసి లాగండి.

రీఫ్రెష్ ఫెయిలైన సంగతి మాకు వారం తర్వాత తెలిసింది. దీనికేంటి దారి?

ఎక్స్‌ట్రాక్ట్‌తో వచ్చే పెద్ద చిక్కు ఇదే, ఫెయిలైనా స్క్రీన్ మాత్రం కళకళలాడుతూ పాత లెక్క చూపిస్తుంది. లైవ్ అయితే కనీసం ఎర్రర్ వచ్చి అందరూ అరుస్తారు. పైగా టాబ్లో సర్వర్ వరసగా 5 సార్లు ఫెయిలైతే ఆ షెడ్యూల్‌ని తనే ఆపేస్తుంది, పవర్ బీఐ 4 సార్లకే. మెయిల్ వెళ్లేది ఓనర్‌కి, ఆ ఓనర్ ఉద్యోగం మారి మూడు నెలలై ఉంటుంది.

డ్యాష్‌బోర్డు పై మూలన తారీఖు వేయండి, కానీ "చివరిగా రీఫ్రెష్ అయిన సమయం" వేయకండి. వేర్‌హౌస్‌లోకి డేటా తెచ్చే జాబ్ ఆగిపోయి, మీ రీఫ్రెష్ మాత్రం రోజూ పాత డేటానే శ్రద్ధగా తెచ్చిందనుకోండి, అది నిన్నటి తారీఖే చూపించి అబద్ధం చెబుతుంది. డేటాలోంచే `MAX(created_at)` తీసి చూపించండి. సమ్మరీలో టైమ్ ఉండదు కాబట్టి సమ్మరీ కట్టేటప్పుడే ఆ ఒక్క విలువని పక్కన చిన్న టేబుల్‌లో రాసుకోవాలి. అది 30 గంటలు దాటితే ఎర్రగా మారేలా పెట్టుకుంటే ఇక మీరు చూడకపోయినా చూసేవాళ్లు చెబుతారు.

ఎవరి షాపు లెక్క వాళ్లకే కనపడాలి. ఎక్స్‌ట్రాక్ట్‌లో అది కుదురుతుందా?

కుదురుతుంది, కానీ మీరే పెట్టుకోవాలి. లైవ్‌లో ఒక్కో యూజర్ సొంత లాగిన్‌తో వెళ్తే డేటాబేస్‌లోని అనుమతులే పనిచేస్తాయి. ఎక్స్‌ట్రాక్ట్ మాత్రం ఎవరి లాగిన్‌తో రీఫ్రెష్ అయిందో వాళ్లకి కనిపించేదంతా తెచ్చేస్తుంది, డేటాబేస్ కాపలా అక్కడితో సరి. ఏ మనిషికి ఏ షాపు అన్న చిన్న టేబుల్ ఒకటి కలిపి, టాబ్లోలో `USERNAME()` మీద, పవర్ బీఐలో రోల్ పెట్టి `USERPRINCIPALNAME()` మీద ఫిల్టర్ చేయాలి. పవర్ బీఐలో ఈ రోల్స్ వర్క్‌స్పేస్‌లో వ్యూయర్‌గా ఉన్నవాళ్లకే వర్తిస్తాయి, ఎడిట్ అనుమతి ఇచ్చారంటే వాళ్లకి అన్నీ కనిపిస్తాయి. మీ లాగిన్‌తో టెస్ట్ చేసి "పనిచేయట్లేదు" అనుకోవడానికి తొంభై శాతం ఇదే కారణం.

క్లౌడ్ వేర్‌హౌస్ అయితే బిల్లు ఏది తక్కువ?

వాడే తీరుని బట్టి. స్నోఫ్లేక్‌లో వేర్‌హౌస్ అంటే క్వెరీలు నడిపే కంప్యూటరు, అది మేలుకుని ఉన్నంతసేపు సెకన్ల లెక్కన మీటరు తిరుగుతుంది, ప్రతిసారి లేచినప్పుడు కనీసం 60 సెకన్ల బిల్లు పడుతుంది. ఆటో సస్పెండ్ 10 నిమిషాలుగా ఉండి, గోడ మీది టీవీలో లైవ్ డ్యాష్‌బోర్డు 5 నిమిషాలకోసారి తనంతట తాను రీఫ్రెష్ అవుతూ, వెనకాల డేటా కూడా మారుతూ ఉంటే వేర్‌హౌస్‌కి నిద్రపోయే అవకాశమే రాదు, పది గంటల ఆఫీసుకి పది గంటల బిల్లు. అదే గంటకోసారి మూడు నిమిషాల ఎక్స్‌ట్రాక్ట్, ఆటో సస్పెండ్ 1 నిమిషం అయితే పది గంటల్లో 40 నిమిషాలు. ఆ టీవీని ఎవరైనా చూస్తున్నారా అన్నది వేరే ప్రశ్న.

బిగ్‌క్వెరీలో ఆన్ డిమాండ్ అయితే చదివిన బైట్లకి బిల్లు. `LIMIT 100` పెట్టామని నిశ్చింతగా ఉండకండి, మామూలు టేబుల్ మీద దాంతో చదివే బైట్లు తగ్గవు. తారీఖు మీద పార్టిషన్ చేసి ఆ తారీఖు మీద ఫిల్టర్ పెడితే తగ్గుతాయి.

రెండూ కలిపి వాడొచ్చా?

వాడొచ్చు, మేం చివరికి అదే చేశాం. నిన్నటి దాకా ఉన్న చరిత్ర అంతా ఎక్స్‌ట్రాక్ట్. స్టాక్ టీముకి విడిగా ఒక చిన్న స్క్రీన్, ఈరోజు రికార్డుల మీద మాత్రమే లైవ్, మూడు చార్టులు, ఇద్దరు ముగ్గురు యూజర్లు. ఒక రోజంటే దాదాపు నాలుగు లక్షల రికార్డులే, తారీఖు మీద ఇండెక్స్ ఉంది, సెకను లోపే వస్తోంది.

రెండింటినీ ఒకే చార్ట్‌లో కలపాలని మాత్రం ఆశపడకండి, పవర్ బీఐలో కాంపోజిట్ మోడల్‌తో చేయొచ్చు కానీ రెండు రకాల టేబుళ్ల మధ్య రిలేషన్‌షిప్ వేసినప్పుడు ఒకవైపు విలువల జాబితా మొత్తం ఇంకోవైపు క్వెరీలోకి వెళ్లి అది కొండవీటి చాంతాడంత అవుతుంది. రెండు స్క్రీన్లుగా ఉంచి, ఒక్కో దాని పైన ఏ సమయం దాకా లెక్కో రాసేయండి. "రెండు స్క్రీన్లలో నంబర్లు కలవట్లేదేంటి" అని మొదటి వారం అడుగుతారు. ఒకటి నిన్న రాత్రి దాకా, ఇంకోటి ఇప్పటిదాకా అని ఆ పై మూల చూపించండి, రెండో వారం అడగరు.

ఇప్పటికే లైవ్‌లో ఉన్న డ్యాష్‌బోర్డుని ఎక్స్‌ట్రాక్ట్‌కి మార్చాలి. ఏది ముందు?

ఏ చార్ట్ ఏ కాలమ్ వాడుతోందో రాసుకోండి, వాడనివి ఎక్స్‌ట్రాక్ట్‌లోకి రానివ్వకండి. టాబ్లోలో అయితే ఎక్స్‌ట్రాక్ట్ తీసే పెట్టెలోనే `Hide All Unused Fields` ఉంటుంది. తర్వాత పాతదాన్ని తీసేయకుండా రెండూ ఒక వారం పక్కపక్కన నడపండి, పైన ఇచ్చిన 30 రోజుల క్వెరీతో రోజూ సరిచూడండి. వాపసులకి గడువు ఉన్న వ్యాపారమైతే వారం చాలదు, ఆ గడువు దాటేదాకా నడపండి, తప్పు బయటపడేది అప్పుడే.